ఏరేటర్ పేటెంటు తెలుగులో: వాలు అంచు ఏ భాగానిది?

భీమవరంలో రొయ్యల చెరువుల నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తయారుచేసే ఒక వర్క్‌షాపు యజమానికి లీగల్ నోటీసు వచ్చింది. మీరు అమ్ముతున్న ఏరేటరు మా పేటెంటును ఉల్లంఘిస్తోంది, తయారీ ఆపండి అని దాని సారాంశం. వెంట ఇంగ్లీషు స్పెసిఫికేషన్ ఒకటి జత చేశారు. అందులో మిషన్ వివరణ, బొమ్మలు, దేనిమీద హక్కు కోరుతున్నారో చెప్పే క్లెయిములు ఉంటాయి. యజమాని చెన్నైలో ఒక పేటెంట్ అడ్వకేటును పెట్టుకున్నారు. క్లెయిముల్లో చెప్పిన ఒక్కో భాగం మీ మిషన్‌లో ఉందా, ఉంటే ఎక్కడుంది, ఏ ఆకారంలో ఉంది, అన్నీ రాసి పంపండి అని ఆయన అడిగారు. అది చెప్పగలిగింది మిషన్‌ను చేత్తో బిగించే హెడ్ మెకానిక్ ఒక్కడే. అతనికి ఇంగ్లీషు చదవడం రాదు. అలా దాన్ని తెలుగులోకి అనువదించే పని నా దగ్గరికి వచ్చింది.

మన దేశంలో పేటెంట్ ఆఫీసు తీసుకునేది హిందీ లేదా ఇంగ్లీషు కాగితాలనే. కాబట్టి నేను చేసే తెలుగు ప్రతికి చట్టం దగ్గర విలువేమీ లేదు. హక్కు ఎంతవరకు అన్నది ఇంగ్లీషు క్లెయిములే తేలుస్తాయి. అయినా మెకానిక్ తెలుగులో చదివి చెప్పే జవాబే అడ్వకేటు దగ్గరికి వెళ్తుంది. నా తెలుగు క్లెయిము అసలు దానికంటే ఒక మాట ఎక్కువ చెప్పినా, తక్కువ చెప్పినా ఆ జవాబు తప్పుతుంది. అందుకని కథలా సాఫీగా చదివించే అనువాదం ఇక్కడ పనికిరాదు. కాస్త మొరటుగా ఉన్నా సరే, గిరి గీసినట్టుండాలి.

ముందు ఏ కాగితమో చూసుకోవాలి

నోటీసుతో పంపిన స్పెసిఫికేషన్ మొదటి పేజీ చూడగానే అది దరఖాస్తు ప్రచురణ ప్రతి అని తెలిసింది. దరఖాస్తు చేసిన 18 నెలలకు పేటెంట్ ఆఫీసు దాన్ని ప్రచురిస్తుంది. అప్పటికి పరీక్ష జరిగి ఉండకపోవచ్చు. పరీక్షలో ఎగ్జామినర్ అభ్యంతరాలు పెడితే దరఖాస్తుదారు క్లెయిములను కుదించి మళ్లీ ఇస్తాడు. హక్కు దక్కేది అలా మార్చి మంజూరైన క్లెయిములకే. కాబట్టి ఒక్క వాక్యం కూడా మొదలుపెట్టకుండా, ఆఫీసు వారి ఇన్‌పాస్ వెతుకులాటలో దరఖాస్తు నంబరు కొట్టి, మంజూరైన ప్రతిని, దానికి ముందు దాఖలు చేసిన సవరణ కాగితాలను దించుకున్నాను.

తేడా కళ్లకు కట్టినట్టు కనబడింది. పాత 1వ క్లెయిములో నీటిని విసిరేసే స్లింగర్ రింగు ఉంది, వాలు అంచు ఊసు లేదు. అంచు 3వ క్లెయిములో విడిగా ఉంది. మంజూరైన ప్రతిలో 3వ క్లెయిము మాయమై, ఆ అంచు 1వ క్లెయిము చివర తోకలా వచ్చి చేరింది. ఈ కేసు మొత్తం చివరికి ఆ తోక దగ్గరే ఆగింది.

మిషన్ గురించి తెలియనివారికి రెండు మాటలు. ప్యాడిల్ వీల్ ఏరేటరు ఫ్లోట్ల మీద చెరువులో తేలుతుంది. మా వైపు ఎక్కువగా 2 హెచ్‌పీ మోటారు ఉంటుంది. మోటారు నిమిషానికి దాదాపు 1,440 సార్లు తిరిగితే, గేర్ బాక్సు దాన్ని సుమారు వందకు తగ్గించి షాఫ్టును తిప్పుతుంది. షాఫ్టు మీది చక్రాలు నీటిని చిలికి గాలి కలుపుతాయి. ఆ చిలుకుడులో ఉప్పునీరు షాఫ్టు వెంబడే పాకి బేరింగులోకి వెళ్లి దాన్ని తినేస్తుంది. ఈ పేటెంటు చెప్పేది దానికి విరుగుడు. బేరింగుకు కాస్త ముందు షాఫ్టుకు స్లింగర్ రింగు బిగిస్తారు. అది షాఫ్టుతో పాటు తిరుగుతూ, పాకి వచ్చే నీటిని బేరింగు చేరకముందే బయటికి విసిరేస్తుంది.

అంకెల పట్టిక

పేటెంటు బొమ్మల్లో ప్రతి భాగానికీ ఒక అంకె ఉంటుంది. వివరణలోనూ క్లెయిముల్లోనూ ఆ భాగం పేరు పక్కన అదే అంకె బ్రాకెట్లో వస్తుంది. నేను అనువాదం మొదలుపెట్టేది ఈ అంకెల నుంచే. ఒక్కో అంకెకు ఇంగ్లీషు పేరు ఏమిటి, ఏయే బొమ్మల్లో ఉంది, ఏయే పేరాల్లో వచ్చింది, తెలుగులో నేను వాడబోయే పేరు ఏమిటి అని ఒక పట్టిక వేస్తాను. పేర్ల వరసలో కాకుండా అంకెల వరసలో వేస్తేనే ఒరిజినల్‌లోని అతుకులు బయటపడతాయి.

ఇక్కడ అలాగే బయటపడ్డాయి. 50వ అంకెకు చాలాచోట్ల బేరింగ్ యూనిట్ అనీ, ఒక పేరాలో బేరింగ్ అసెంబ్లీ అనీ, ఇంకో పేరాలో బేరింగ్ హౌసింగ్ అనీ ఉంది. బేరింగ్ హౌసింగ్‌కు విడిగా 54 అనే అంకె ఉంది, అది 50లో ఒక భాగం. 52 ఎక్కడ చూసినా బుష్షే, ఒక్క పేరాలో మాత్రం గ్రీజు కప్పు. బొమ్మ 2లో 62 అనే అంకె ఉంది, అక్కడ వాషరు కనిపిస్తోంది, వివరణలో ఒకేచోట దాని ప్రస్తావన.

ఇలాంటివి కనబడగానే సరిదిద్దేయాలని చెయ్యి లాగుతుంది. నేను సరిదిద్దను. ఒరిజినల్‌లో 'బేరింగ్ హౌసింగ్ (50)' అని ఉంటే తెలుగులోనూ బేరింగ్ హౌసింగ్ (50) అనే రాసి, అంచున ఒక గమనిక పెడతాను: మిగతాచోట్ల 50 అంటే బేరింగ్ యూనిట్, హౌసింగ్ అంకె 54. ఆ గజిబిజి అవతలివారిది. అది క్లెయిము అస్పష్టంగా ఉందని వాదించడానికి మన అడ్వకేటుకు పనికిరావచ్చు, పనికిరాకపోవచ్చు. అనువాదకుడు చాకచక్యం చూపించి చదును చేసేస్తే ఆయనకు అసలు కనబడకుండానే పోతుంది. అస్థిరతను అలాగే దాటించడం, స్థిరంగా ఉన్నదాన్ని చెదరనీయకపోవడం, రెండూ ఒకే పనిలో భాగాలు.

తెలుగు పేర్లు తేల్చడానికి వర్క్‌షాపుకు వెళ్లాను. మెకానిక్ మిషన్ చూపిస్తూ పేర్లు చెబుతుంటే రాసుకున్నాను. చక్రాన్ని అతను ఫ్యాను అంటాడు. రింగును చూపించి, "ఇదా మాస్టారూ, దీన్ని వాషరే అంటామండి" అన్నాడు. రెండూ చక్కటి వాడుక మాటలే కానీ రెండూ వాడలేకపోయాను. ఈ పేటెంటులో మోటారును చల్లబరిచే ఫ్యాను 24వ అంకెతో వేరే ఉంది. వాషరు 62వ అంకెతో ఉండనే ఉంది. అందుకని చక్రాన్ని ప్యాడిల్ చక్రం అనీ, రింగును స్లింగర్ రింగు అనీ రాసి, పట్టికలో మాత్రం 'మీరు వాషరు అనేది' అని పక్కన చేర్చాను. చదివేవాడికి దారి తప్పకూడదు, పేర్లు కలిసిపోకూడదు.

క్రియలకూ ఇదే నియమం. అమర్చడం, బిగించడం, జోడించడం మనం ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. ఈ స్పెసిఫికేషన్‌లో ఫ్రేము మీద మోటారు 'మౌంటెడ్', షాఫ్టుకు రింగు 'ఫిక్స్‌డ్', డ్రైవ్ యూనిట్‌కు షాఫ్టు 'కపుల్డ్'. మధ్యలో ఇంకో భాగం ఉన్నా కపుల్డ్ అనవచ్చు. ఫిక్స్‌డ్ అంటే కదలకుండా పట్టి ఉండాలి. కాబట్టి అమర్చిన, బిగించిన, జోడించిన అని మూడింటికి మూడు కేటాయించి, మొదటి పేరా నుంచి చివరి క్లెయిము దాకా మార్చలేదు. ఒకే మాట పదేపదే వస్తే చెవికి విసుగే. విసుగు తగ్గించడానికి పర్యాయపదం వేస్తే, చదివేవాడు అది వేరే భాగమో వేరే రకం బిగింపో అనుకుంటాడు.

క్లెయిము ఒక్కటే వాక్యం

ఇంగ్లీషు క్లెయిము ఎంత పొడుగున్నా ఒకే వాక్యం. ముందు వస్తువు పేరు, తర్వాత 'కంప్రైజింగ్', ఆ తర్వాత భాగాల వరస. తెలుగు వాక్యం దీనికి ఎదురు నడుస్తుంది. విశేషణాలన్నీ ముందు పేర్చి చివర 'ఉన్న ఏరేటరు' అంటే వ్యాకరణం కుదురుతుంది కానీ, ఏరేటరు అనే మాట వచ్చేసరికి చదివేవాడు మొదలు మరిచిపోతాడు. పైగా అడ్వకేటు క్లెయిమును ముక్కలుగా కోసి ఒక్కో ముక్క ఎదురుగా మన మిషన్ సంగతి రాస్తారు. తెలుగులో ముక్కల వరస తిరగబడితే ఆ రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి చూడలేం. అందుకని వస్తువు పేరు ముందే చెప్పి, అర్ధవిరామాలతో ఒరిజినల్ వరసలోనే దింపాను:

> 1. చెరువు నీటిలో గాలి కలిపే ప్యాడిల్ వీల్ ఏరేటరు. అది కలిగి ఉండేవి:
> కనీసం రెండు ఫ్లోట్ల (12) మీద అమర్చిన ఫ్రేము (10);
> ఆ ఫ్రేము (10) మీద అమర్చిన డ్రైవ్ యూనిట్ (20);
> ఆ డ్రైవ్ యూనిట్‌కు (20) జోడించిన షాఫ్టు (30);
> ఆ షాఫ్టు (30) మీద అమర్చిన రెండు లేదా అంతకు మించిన ప్యాడిల్ చక్రాలు (40);
> ఆ షాఫ్టును (30) మోసే బేరింగ్ యూనిట్ (50); ...

ఇందులో 'కలిగి ఉండేవి' అన్నచోట చాలాసేపు ఆగాను. కంప్రైజింగ్ తలుపు తెరిచి ఉంచే మాట. చెప్పిన భాగాలన్నీ ఉండి, పైన ఇంకేవైనా ఉన్నా ఆ మిషన్ క్లెయిములోకే వస్తుంది. 'కన్సిస్టింగ్ ఆఫ్' అంటే తలుపు మూసేసినట్టు. 'ఈ భాగాలతో తయారైన' అని రాస్తే తెలుగులో అంతే, ఇంకేమీ లేవు అన్న అర్థం తోస్తుంది. యజమాని మొదట్నుంచీ అంటున్నది అదే: "మన దానికి నీళ్లు పైకి చిమ్మకుండా రేకు తొడుగు ఉంది కదండీ, వాళ్ల దాంట్లో లేదు, మరి రెండూ ఒకటెలా అవుతాయి?" తొడుగు అదనంగా పెట్టినంత మాత్రాన బయటపడలేరు. చెప్పినవాటిలో ఒకటి లేకపోతేనే బయటపడే దారి. క్లెయిము కింద గమనికలో ఈ రెండు వాక్యాలూ రాశాను. ముందరి క్లెయిము మీద ఆధారపడే ఒక డిపెండెంట్ క్లెయిములో ఫ్లోటు లోపలి పదార్థానికి మాత్రం కన్సిస్టింగ్ ఆఫ్ ఉంది. అక్కడ 'మాత్రమే' అని పెట్టాను. తెలుగు ప్రతి మొత్తంలో 'మాత్రమే' వచ్చేది ఒరిజినల్‌లో మూసిన తలుపు ఉన్నచోటే అని ముందే నియమం పెట్టుకున్నాను.

తర్వాతి చిక్కు 'ఎ', 'ద'ల గురించి. ఇంగ్లీషు క్లెయిములో భాగం మొదటిసారి వచ్చినప్పుడు 'ఎ షాఫ్ట్', ఆ తర్వాత 'ద షాఫ్ట్' లేదా 'సెడ్ షాఫ్ట్'. మొదటి దాన్ని అలవాటుగా 'ఒక షాఫ్టు' అనేస్తాం. కానీ తెలుగులో ఒక అంటే లెక్కకు ఒకటే అని వినిపిస్తుంది. కంప్రైజింగ్ తర్వాత వచ్చే 'ఎ' సాధారణంగా ఒకటి లేదా ఎక్కువ అని చదువుతారు. ఈ వర్క్‌షాపు పెద్ద మోడల్లో మధ్యలో కప్లింగుతో రెండు షాఫ్టు ముక్కలున్నాయి. 'ఒక షాఫ్టు' అని చదివితే మెకానిక్ మనది కాదని కొట్టిపారేస్తాడు. కాబట్టి మొదటిసారి ఏమీ పెట్టకుండా ఉత్త 'షాఫ్టు (30)', రెండోసారి నుంచి 'ఆ షాఫ్టు (30)'. 'ఆ' అని ఉంటే దాని వెనక ఎక్కడో ఆ భాగం మొదటిసారి వచ్చి ఉండాలి. లేకపోతే ఒరిజినల్‌లోనో నా ప్రతిలోనో లోపం ఉన్నట్టే. 'ప్లూరాలిటీ'ని అనేక అనలేదు. అనేక అంటే పదో పాతికో అనిపిస్తుంది, క్లెయిములో రెండున్నా చాలు.

అంకెను విభక్తికి ముందు పెట్టాలా తర్వాత పెట్టాలా అన్నది ఇంగ్లీషువాళ్లకు లేని బెడద. 'షాఫ్టు (30)కు' అంటే ప్రత్యయం గాల్లో వేలాడుతుంది. 'షాఫ్టుకు (30)' అనే పద్ధతే ఎంచుకున్నాను. దీంతో ఇంకో సంగతి గమనించాలి. చక్రం, చక్రాలు, చక్రానికి, చక్రాల అని తెలుగు మాట రూపం మారుతూ పోతుంది కాబట్టి కంప్యూటర్లో పేరుతో వెతికితే అన్నీ దొరకవు. (40) అని వెతికితే అన్నీ దొరుకుతాయి. అంకెలు మాత్రం బొమ్మల్లో ఉన్న రూపంలోనే ఉంచాలి, తెలుగు అంకెలు వేయకూడదు.

తోక దగ్గర

ఇప్పుడు చివరి భాగం. ఇంగ్లీషులో వరస ఇలా ఉంది: స్లింగర్ రింగు (56), షాఫ్టుకు (30) బిగించినది, బేరింగ్ యూనిట్ (50) పక్కన, 'హ్యావింగ్ ఎ స్లోపింగ్ లిప్ (58)'. వాలు అంచు ఎవరికుంది? వాక్యం మొదట్లో ఉన్న రింగుకా, అంచు మాటకు ఆనుకుని ఉన్న బేరింగ్ యూనిట్‌కా? ఇంగ్లీషు రెండింటికీ చోటిస్తుంది. తెలుగు ఇవ్వదు. 'వాలు అంచు ఉన్న' అనే మాటను ఏదో ఒక నామవాచకం ముందు పెట్టి తీరాలి. 'దానికి వాలు అంచు ఉంటుంది' అని తప్పించుకోబోయాను. కానీ తెలుగు వరసలో 'స్లింగర్ రింగు' చివర పడుతుంది కాబట్టి 'దానికి' అనగానే రింగే తడుతుంది. అంటే నేను ఏమీ తేల్చలేదనుకుంటూనే తేల్చేసినట్టు.

వివరణ వైపు వెళ్లాను. 21వ పేరాలో అంచు రింగుదే అని స్పష్టంగా ఉంది. బొమ్మ 3లో 58 నుంచి వచ్చే గీత కూడా రింగు మీదే ఆగింది. మామూలుగా అయితే ఇంతటితో సరిపోయేది. కానీ 27వ పేరాలో, మరో రూపంలో ఈ అంచు (58) బేరింగ్ యూనిట్ మూత మీద ఉండవచ్చు అని రాశారు. అంకె కూడా అదే. సవరణకు ముందరి పాత 3వ క్లెయిము చూస్తే అక్కడ అంచు రింగుకే ఉంది. సవరణలో ఆ మాటల్ని తెచ్చి 1వ క్లెయిముకు తగిలించేటప్పుడు చోటు సరిగా చూసుకోలేదన్నమాట.

అటూ ఇటూ సాక్ష్యం తూచి తేల్చడం నా పని కాదు, అడ్వకేటు పని. అందుకే క్లెయిములోనే రెండు పఠనాలూ పక్కపక్కన పెట్టాను:

> [అ] ఆ షాఫ్టుకు (30) బిగించి, ఆ బేరింగ్ యూనిట్ (50) పక్కన ఉండే, వాలు అంచు (58) ఉన్న స్లింగర్ రింగు (56);
> [ఆ] ఆ షాఫ్టుకు (30) బిగించి, వాలు అంచు (58) ఉన్న ఆ బేరింగ్ యూనిట్ (50) పక్కన ఉండే స్లింగర్ రింగు (56);

కింద గమనికలో 21, 27 పేరాలు, బొమ్మ 3, పాత 3వ క్లెయిము, నాలుగింటినీ చూపించాను. నా మొగ్గు ఎటో రాయలేదు.

క్లెయిముల ప్రతి పూర్తయ్యాక అంకెలు రాలిపోలేదని చూసుకోవడానికి రెండు ఫైళ్లనూ ఇలా పోల్చాను:

```
grep -oE '\([0-9]+\)' en.txt | sort | uniq -c > en.num
grep -oE '\([0-9]+\)' te.txt | sort | uniq -c > te.num
diff en.num te.num
```

ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో రెండింట్లోనూ ఒకటే అయితే diff ఏమీ చూపించదు. గమనికలను, రెండో పఠనాన్ని తీసేసిన ప్రతి మీద నడపాలి, లేకపోతే లెక్క ఎలాగూ పెరుగుతుంది. ఇది అంకె పోవడాన్నే పట్టుకుంటుంది. షాఫ్టు పక్కన 40, చక్రం పక్కన 30 పడితే లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. దానికి విరుగుడు, ఒకరు తెలుగు ప్రతి చదువుతుంటే మరొకరు బొమ్మ మీద వేలు పెట్టి చూడటమే. మా ఇద్దరి మధ్య ఆ పని మెకానిక్కే చేశాడు. సుద్దముక్కతో అసలు మిషన్ మీదే 10, 12, 20 అని రాసుకుంటూ వచ్చాడు. 56 దగ్గర తన రింగు మీద అంకె వేశాడు. 58 దగ్గర ఆగి, "రింగుకైతే అంచు లేదండి, బల్లపరుపుగా ఉంటుంది. వాలుగా ఉన్నది బేరింగు మూతకి. మరి ఇది ఎక్కడ వెయ్యమంటారు?" అన్నాడు. రెండు పఠనాలూ చూపించి, ఏది కనబడిందో అదే చెప్పమన్నాను.

అతను చెప్పినదంతా ఇంగ్లీషులోకి మార్చి చెన్నైకి పంపే పని కూడా నాదే అయింది. పట్టిక చేతిలోనే ఉంది, తిప్పి వాడితే సరిపోతుంది అనుకోవచ్చు. ఇక్కడ మాత్రం పట్టికను పక్కన పెట్టాను. మన మిషన్‌లోని ముక్కను మనమే 'స్లింగర్ రింగు (56)' అని రాసి సంతకం పెడితే, ఆ భాగం మా దగ్గర ఉందని ఒప్పుకున్నట్టు అవతలివారు చదువుతారు. మెకానిక్ అన్నది వాషరు. కాబట్టి ఇంగ్లీషులోనూ వాషరు అనే ఉంచి, దాని మందం, బయటి వ్యాసం, షాఫ్టుకు ఏ స్క్రూతో పట్టి ఉందో, మూత మీది వాలు ఎటు తిరిగి ఉందో అతను కొలిచి చెప్పినట్టే రాశాను. ఏ ముక్కకు పేటెంటులోని ఏ అంకె సరిపోతుందో, అసలు సరిపోతుందో లేదో, ఆ నిలువు గడిని అడ్వకేటు నింపుకోవడానికి ఖాళీగా వదిలేశాను.